గీత వైపు వంగే ఒళ్లు: ఇంట్లో గంటల తరబడి బొమ్మలు గీసేవారి మణికట్టు, కళ్లు, నడుము

ఇంట్లో కూర్చుని డిజిటల్ బొమ్మలు గీసేవారికీ, యానిమేషన్ చేసేవారికీ మణికట్టు నొప్పి, కళ్ల మంట, నడుము నొప్పి తరచు కలిసే వస్తాయి. చాలామంది మూడింటినీ విడివిడిగా చూస్తారు. మణికట్టుకు పట్టీ, కళ్లకు నీలి కాంతిని ఆపే అద్దాలు, నడుముకు దిండు కొంటారు. చాలాసార్లు ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి పుట్టేవే. గీస్తున్న గీత స్పష్టంగా కనపడకపోతే కళ్లు దానికి దగ్గరగా జరుగుతాయి. కళ్లు జరగాలంటే తల వంగాలి, తల వంగితే వీపు గుండ్రమవుతుంది. అలా ముందుకు వాలిన ఒంటి బరువులో కొంత బల్లకు ఆనిన మోచేయి, మణికట్టు మోస్తాయి. అందువల్ల సరిదిద్దడం కూడా చూపు దగ్గర మొదలుపెట్టి, బల్ల, కుర్చీ మీదుగా చేతి దాకా వస్తే సులువు. పట్టీలతో మొదలుపెట్టినవాళ్లు చాలావరకు పట్టీల దగ్గరే ఆగిపోతారు.

ఈ బాధలు కంప్యూటర్‌తో పుట్టినవి కావు. వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద 1700లో పుస్తకం రాసిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని, 1713 కూర్పులో రాతగాళ్ల గురించి ఒక అధ్యాయం చేర్చాడు. వాళ్ల బాధలకు ఆయన చెప్పిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చేయి ఒకే తీరుగా ఆగకుండా కదలడం, ఎక్కడా తప్పు పోకూడదన్న మానసిక ఒత్తిడి. కుడిచేయి పట్టు తప్పిన ఒక రాతగాడు ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడనీ, కొన్నాళ్లకు ఆ చేతికీ అదే జబ్బు వచ్చిందనీ కూడా రాశాడు. పద్ధతి మారకుండా చేయి మారితే ఒరిగేదేమీ లేదని ఆ ఒక్క ఉదంతం చెబుతుంది.

రామజ్జీని చెప్పిన మూడు కారణాలూ యానిమేషన్‌లో మరీ ఎక్కువ. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. అయిదు సెకన్ల షాట్ అంటే 60 బొమ్మలు. ముందు చిత్తు బొమ్మలు గీయాలి, తరువాత వాటి మీద శుభ్రమైన గీత వేయాలి. దీన్నే క్లీనప్ అంటారు. బొమ్మకు 40 గీతలు అనుకుంటే క్లీనప్‌లోనే 2,400 గీతలు. ప్రతి గీతా ముందు బొమ్మలోని గీతతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, లేకపోతే ఆడించినప్పుడు బొమ్మ వణుకుతుంది. ఒకే పెద్ద బొమ్మ గీసే చిత్రకారుడి చేయి ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా, ఒకసారి వదులుగా కదులుతుంది. క్లీనప్ చేసేవారి చేతికి ఆ మార్పు ఉండదు. కచ్చితత్వం కోసం వేళ్లు బిగుస్తాయి, ఊపిరి బిగబట్టడం అలవాటవుతుంది, రెప్ప వేయడం తగ్గుతుంది.

చూపు దూరం

దగ్గరి వస్తువును చూడాలంటే కంటిలోని కటకం ఉబ్బాలి. దాన్ని ఉబ్బించే చిన్న కండరం, చూస్తున్నంతసేపూ బిగిసే ఉంటుంది. దూరం సగమైతే దాని శ్రమ రెట్టింపవుతుంది. 60 సెంటీమీటర్ల దూరంలో పని చేసే కన్ను, 30 సెంటీమీటర్లకు వస్తే రెట్టింపు బిగువు భరించాలి. రెండు కళ్లనూ ముక్కు వైపు తిప్పి ఉంచే కండరాల మీదా అదే భారం. సాయంత్రానికి కళ్లు లాగినట్టు ఉండటం, తల పైకెత్తి చూస్తే గోడ గడియారం కాసేపు మసకగా కనిపించడం ఈ అలసట గుర్తులే.

తెర మీదే గీసే పెన్ డిస్‌ప్లేకు కంటికీ మధ్య కనీసం ఒక మూర, అంటే సుమారు 45 సెంటీమీటర్లు ఉండటం మంచిది. దీనికి టేపు అక్కర్లేదు. మోచేతిని తెర మధ్యలో ఆనిస్తే వేళ్ల కొసలు నుదుటి దగ్గరికి రావాలి. గీసే పలక వేరుగా, తెర వేరుగా ఉన్నప్పుడు తెరను చాచిన చేయంత దూరంలో పెట్టవచ్చు. ఈ రెండో పద్ధతిలో తల నిటారుగా ఉంటుంది కాబట్టి మెడకు ఇదే మేలు. చేతిని చూడకుండా గీయడం అలవాటయ్యేదాకా కొన్ని వారాలు చిరాగ్గా ఉండటం దీని ఖరీదు. మెడ నొప్పి ఉన్నవారు డబ్బు ఎక్కువ పెట్టి తెరగల పలక కొనేముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

దూరం పెట్టుకున్నా పని మొదలైన పావుగంటకే తల మళ్లీ తెర మీదికి వస్తుంటే, కారణం సాధారణంగా క్రమశిక్షణ లేకపోవడం కాదు. గీత కనపడకపోవడం. యానిమేషన్‌లో ముందు బొమ్మలు నీడలా కనిపించే ఆనియన్ స్కిన్ దీనికి మంచి ఉదాహరణ. ముందు మూడు, వెనక మూడు బొమ్మలను లేత రంగులో తెరిచి ఉంచితే ఆ అల్లిబిల్లి గీతల్లో కావాల్సినదాన్ని వెతకడానికి కళ్లు దగ్గరికి పోక తప్పదు. ముందొకటి, వెనకొకటి మాత్రమే ఉంచి, వాటి రంగును కాస్త ముదురు చేస్తే తల దానంతట అదే వెనక్కి వస్తుంది. తెల్లని కాన్వాసుకు బదులు లేత బూడిద రంగు వాడితే మిరుమిట్లు తగ్గుతాయి. మెనూ అక్షరాలు చిన్నవిగా ఉంటే సెట్టింగుల్లో పెద్దవి చేయాలి. కన్ను, ముక్కు వంటి చిన్న భాగాలకు తలను దించకుండా బొమ్మను జూమ్ చేయాలి. తలకన్నా బొమ్మను దగ్గరికి తెచ్చుకోవడం చవక.

తెర వెలుగు గదికి తగ్గట్టు ఉందో లేదో చూడటానికి ఒక తెల్లకాగితాన్ని తెర పక్కన పట్టుకుంటే చాలు. తెరలోని తెలుపు దీపంలా మండుతున్నట్టు ఉంటే వెలుగు తగ్గించాలి, మురికిగా ఉంటే పెంచాలి. ఇంట్లోవాళ్లు నిద్రపోయాక లైటు ఆర్పేసి గీసేవారి కళ్లకు తెర వెలుగు, గది చీకటి మధ్య తేడా అదనపు శిక్ష. కుడిచేతి వాటం వారికి ఎడమ పక్కన గోడ మీద పడే చిన్న దీపం ఉంటే తేడా తగ్గుతుంది, చేతి నీడా తెర మీద పడదు. కిటికీ ఎదురుగానో వీపు వెనకో కాకుండా పక్కన ఉండాలి.

కళ్ల మంటకు ఎక్కువ కారణం మాత్రం ఆరిపోవడం. మామూలుగా నిమిషానికి పదిహేను సార్ల దాకా పడే రెప్ప, ఏకాగ్రతతో తెరను చూసేటప్పుడు అందులో సగానికి, ఇంకా కిందికి పడిపోతుంది. పడినా సగమే మూసుకుంటుంది. తల మీద ఫ్యాను, ఎదురుగా కూలరు లేదా ఏసీ గాలి ఉంటే కన్నీటి పొర మరీ తొందరగా ఆరుతుంది. వేసవిలో కూలరు ముందే బల్ల వేసుకోవడం ఇళ్లలో మామూలు కాబట్టి ఈ కారణం తరచు కంటపడకుండా పోతుంది. గాలి ముఖానికి కాకుండా కాళ్ల వైపు తగిలేలా తిప్పితే కొందరికి మందు అవసరమే రాదు. అమెరికా నేత్ర నిపుణుడు జెఫ్రీ అన్షెల్ ప్రచారంలోకి తెచ్చిన 20-20-20 సూత్రం అందరికీ తెలిసినదే: ఇరవై నిమిషాలకొకసారి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువును, ఇరవై సెకన్లు చూడటం. ఆ ఇరవై సెకన్లలో పదిసార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరిస్తే రెండు పనులూ అవుతాయి. ఫోను చూస్తూ గడిపితే ఒక్కటీ కాదు.

నీలి కాంతి అద్దాల గురించి ఒక మాట. తెర వల్ల కలిగే కంటి అలసటను మామూలు అద్దాలకన్నా అవి ఎక్కువగా తగ్గిస్తున్నాయనడానికి ఆధారం లేదని 2023లో కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష తేల్చింది. ఆ డబ్బుతో కళ్ల పరీక్ష చేయించుకోవడం మేలు. పరీక్షకు వెళ్లినప్పుడు తెర ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చెప్పాలి. నలభై దాటినవారికి ఇది మరీ ముఖ్యం. ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది కాబట్టి, ఎదురుగా ఉన్న తెరను చూడటానికి గడ్డం పైకెత్తాల్సి వస్తుంది. రోజంతా అలా గడిపినవారి మెడ నొప్పికి మందు మెడలో కాదు, అద్దాల దుకాణంలో ఉంటుంది. బల్ల దూరానికి మాత్రమే సరిపోయే విడి అద్దాలు ఇలాంటివారికి హాయి.

భోజనాల బల్ల, ప్లాస్టిక్ కుర్చీ

పెద్దవారి తల బరువు నాలుగున్నర నుంచి అయిదు కిలోలు. అది భుజాల మీద నిటారుగా నిలిచినప్పుడు ఎముకలే మోస్తాయి. ముందుకు వంగినకొద్దీ మెడ వెనక కండరాలు దాన్ని లాగిపట్టుకోవాలి. నడుము దగ్గరా అంతే. ఆసరా లేకుండా గుండ్రంగా కూర్చుంటే వెన్నుపూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి నిలబడినప్పటికన్నా పెరుగుతుందని స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలోనే డిస్కు లోపల కొలిచి చూపించాడు. కానీ నిటారుగా కర్రలా కూర్చోవడమూ పరిష్కారం కాదు. ఏ భంగిమ అయినా గంటల తరబడి మారకపోతే నొప్పి పుట్టిస్తుంది. ఒళ్లు ఒరిగి, సర్దుకుని, మళ్లీ ఒరగడానికి వీలిచ్చేలా చోటును అమర్చడమే ఇక్కడ చేయగలిగింది.

ఒక మామూలు ఇంటిని తీసుకుందాం. గీసే అమ్మాయి ఎత్తు 160 సెంటీమీటర్లు. బల్ల భోజనాలది, ఎత్తు 75 సెంటీమీటర్లు. కుర్చీ ప్లాస్టిక్‌ది, కూర్చునే చోటు నేల నుంచి 43. పదహారు అంగుళాల పెన్ డిస్‌ప్లే బల్ల మీద పడుకోబెట్టి ఉంది. ఆ ఎత్తు మనిషి కూర్చుని చేతులు వదులుగా వేలాడేస్తే మోచేయి సీటుకు సుమారు 23 సెంటీమీటర్ల పైన ఉంటుంది, అంటే నేల నుంచి 66. బల్ల దానికన్నా 9 సెంటీమీటర్లు ఎత్తు. గీయాలంటే ఆమె భుజం అంతమేరా పైకి లేవాలి. రోజు చివర చెవి కింద నుంచి భుజం దాకా రాయిలా బిగుసుకుపోయే కండరం ఇక్కడ తయారవుతోంది. తెర బల్లపరుపుగా ఉంది కాబట్టి దాన్ని ఎదురుగా చూడాలంటే ముఖం బల్లకు సమాంతరం కావాలి. అంటే మెడ పూర్తిగా వంగాలి.

బల్ల కాళ్లు కోయలేం కాబట్టి మనిషిని పైకి లేపాలి. గట్టిగా మడిచిన బొంతను సీటు మీద వేయాలి. కూర్చున్నాక నలిగి నిలిచే మందం 8 సెంటీమీటర్లు ఉండాలి. మెత్తటి దిండు పనికిరాదు, కూర్చోగానే అణిగిపోతుంది. ఇప్పుడు సీటు 51 సెంటీమీటర్లు అయింది. ఆ ఎత్తు మనిషికి మోకాలి మడత నుంచి మడమ దాకా సుమారు 40 ఉంటుంది కనుక పాదాలు గాలిలో వేలాడతాయి, తొడల కింద సీటు అంచు నొక్కుతుంది. చాలామంది బొంత వేసి, ఈ ఇబ్బంది చూసి, మర్నాడు తీసేసేది ఇక్కడే. పదకొండు సెంటీమీటర్ల ఎత్తున్న పీట పాదాల కింద పెడితే లెక్క సరిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీ వీపు వెనక్కి గుంటలా ఉంటుంది కాబట్టి, నడుము వంపు దగ్గర చుట్టిన తువ్వాలు ఒకటి పెట్టాలి. అది బెల్టు కట్టుకునే చోట ఉండాలి. పైకి జరిగితే వీపును ముందుకు తోస్తుంది.

తరువాత తెర. దాని వెనక అంచును లేపి 35 డిగ్రీల వాలులో పెడితే, మెడ వంపు అంతమేరా తగ్గుతుంది. పాతిక సెంటీమీటర్ల లోతున్న తెరకు వెనక అంచు సుమారు 14 సెంటీమీటర్లు లేవాలి. ఇంజనీర్ల డ్రాయింగ్ బల్లలు, కాగితం మీద గీసిన కాలంలో యానిమేటర్ల బల్లలు వాలుగా ఉన్నది ఇందుకే. వాలు మరీ ఎక్కువైనా చేటే. 50, 60 డిగ్రీలకు వెళితే చేయి జారుతుంది, దాన్ని గాలిలో నిలిపే భారం భుజం మీద పడుతుంది. 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఒక్కొక్కరికి ఒక్కో చోట హాయిగా ఉంటుంది. రోజులో ఒకటి రెండు సార్లు మార్చగలిగితే ఇంకా మంచిది. తెరను బల్ల అంచు నుంచి ఒక జానెడు లోపలికి జరిపితే ముంజేయి బల్ల మీద ఆనుతుంది. మణికట్టు కాకుండా ముంజేయి కండ ఉన్న భాగం ఆనాలి. బల్ల అంచు పదునుగా ఉండి చర్మం మీద గీత పడుతుంటే దాని మీద మడతపెట్టిన గుడ్డ వేయాలి.

ఈ మార్పులకు అయ్యే ఖర్చు తెర స్టాండు ఒక్కటే. ఫలితం తెలుసుకోవడానికి అద్దం చాలదు. పని మొదలుపెట్టిన గంటకు, చెప్పకుండా పక్కనుంచి ఫొటో తీయమని ఇంట్లోవారిని అడగాలి. చెవి భుజానికి ఎంత ముందుకు వచ్చిందో, భుజం చెవికి ఎంత దగ్గరైందో అందులో కనిపిస్తుంది. మొదటి అయిదు నిమిషాల్లో అందరూ బాగానే కూర్చుంటారు.

నేల మీద కూర్చుని గీసేవారికి సమస్య వేరు. బాసింపట్టు వేసినప్పుడు తుంటి వెనక్కి తిరిగి, నడుము సహజమైన వంపు పోయి గుండ్రమవుతుంది. పిరుదుల కింద ఎనిమిది, పది సెంటీమీటర్ల మందాన ఏదైనా వేసుకుంటే మోకాళ్లు తుంటికన్నా కిందికి వచ్చి నడుము నిలబడుతుంది. ఒడిలో పలక పెట్టుకోకుండా, గుమాస్తాలు వాడిన ఏటవాలు డెస్కు లాంటిది ముందు పెట్టుకోవాలి. పావుగంటకొకసారి కాళ్లు మార్చడం నేల మీద కూర్చోవడంలో ఉన్న అసలు లాభం, దాన్ని వదులుకోకూడదు. మంచం మీద బోర్లా పడుకుని గీయడానికి మాత్రం ఏ సర్దుబాటూ సరిపోదు. మెడ వెనక్కి, నడుము లోపలికి, మణికట్టు పైకి ఒకేసారి వంగుతాయి.

మణికట్టు

అరచేతి మొదట్లో, ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య చిన్న సొరంగం లాంటి దారి ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, ఒక నరం దానిలోంచే వెళతాయి. మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు అక్కడ ఒత్తిడి తక్కువ. లోపలికి గానీ వెనక్కి గానీ వంచితే పెరుగుతుంది. వేళ్లు గట్టిగా పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. నరం నలిగితే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టులో ఏ నొప్పి వచ్చినా ఈ పేరు పెట్టేయడం పరిపాటి అయింది గానీ, గీసేవారిలో బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వచ్చే నొప్పి వేరు. బొటనవేలిని లాగే స్నాయువుల తొడుగు వాచడం వల్ల వచ్చే ఆ జబ్బును స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో వర్ణించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. చిటికెనవేలి వైపు తిమ్మిరైతే అది మూడో సంగతి. గంటల తరబడి మోచేతిని బల్లకు ఆనించడం వల్ల అక్కడి నరం నలిగి ఉండవచ్చు. అలాంటివారికి మణికట్టు పట్టీ కట్టి ప్రయోజనం లేదు.

నివారణలో మొదటిది పట్టు వదులు చేయడం. గీస్తున్నప్పుడు చూపుడువేలి గోరు కొస తెల్లబడుతుంటే పట్టు మితిమీరినట్టు. ఎవరైనా వెనకనుంచి పెన్ను లాగితే సులువుగా జారి రావాలి. డిజిటల్ పెన్నును ఇంత బిగించడానికి కారణం చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. లావు గీత కోసం బలంగా నొక్కాల్సి వస్తుంటే, పలక సెట్టింగుల్లో ఒత్తిడి వక్రరేఖను మెత్తగా చేయాలి. వాకామ్ పలకల్లో ఇది `Tip Feel` అనే పేరుతో ఉంటుంది. మామూలు ఒత్తిడిలో సగంతోనే పూర్తి లావు గీత వచ్చేలా పెట్టుకుంటే చేతికి అలవాటు కావడానికి కొద్ది రోజులు పడుతుంది. ఈలోగా గీతలు లావుగా, మొరటుగా వస్తాయి. అది చూసి వెనక్కి తిప్పేయకూడదు. పెన్ను సన్నగా ఉంటే పైన రబ్బరు తొడుగు వేసి లావు చేయవచ్చు. దంతవైద్యుల పరికరాల మీద జరిగిన పరిశోధనల్లో సన్నటి, బరువైన పిడికన్నా లావుగా, తేలిగ్గా ఉన్న పిడిని పట్టుకోవడానికి తక్కువ బలం చాలని తేలింది. వేళ్లు చేసే పని ఇక్కడా అటువంటిదే.

రెండోది, గీతకు తగిన కీలును వాడటం. అంగుళం లోపు గీత వేళ్లతో వస్తుంది. అంతకన్నా పొడుగైనదాన్ని మణికట్టు తిప్పి గీస్తే ప్రతి గీతకూ అది కొసదాకా వంగాలి. మోచేయి, భుజం కదిలించి గీస్తే మణికట్టు తిన్నగానే ఉంటుంది. చిన్న పలకతో పెద్ద తెరను నడిపేవారికి ఇది కుదరదు. చేతిలో అరంగుళం కదిలితే తెర మీద మూడంగుళాల గీత పడుతుంది కాబట్టి పనంతా వేళ్ల మీదే పడుతుంది. అందుకే మీడియం సైజు పలక తీసుకోవడం మంచిది. చిన్నదే ఉంటే దాన్ని తెర మొత్తానికి కాకుండా కాన్వాసు ఉన్న భాగానికే అనుసంధానించవచ్చు. పలక ఎప్పుడూ ఛాతీకి ఎదురుగా ఉండాలి. కీబోర్డును మధ్యలో పెట్టి పలకను కుడివైపు నెట్టేస్తే భుజం రోజంతా బయటికి తిరిగి ఉంటుంది.

మూడోది బొమ్మను తిప్పడం. కాగితం రోజుల్లో యానిమేటర్ల బల్ల మధ్యలో గుండ్రటి డిస్కు ఉండేది. కాగితాలను దాని మేకులకు తగిలించి, గీత ఎటు పోతే అటు డిస్కును తిప్పేవారు. చేయి తనకు అనువైన ఒకే వంపులో కదిలేది. తెర మీదికి వచ్చాక ఆ అలవాటు పోయింది గానీ సదుపాయం పోలేదు. ఉచితంగా దొరికే క్రీటాలో `4`, `6` మీటలు కాన్వాసును ఎడమకూ కుడికీ తిప్పుతాయి, `5` మళ్లీ తిన్నగా చేస్తుంది. క్లీనప్ చేసేవారికి ఏ వ్యాయామం కన్నా ఈ మూడు మీటలు ఎక్కువ మేలు చేస్తాయి.

గీయని చేతిని ఎవరూ పట్టించుకోరు. ఒక్క షాట్‌లో వందలసార్లు `Ctrl+Z` నొక్కే ఎడమచేతి చిటికెనవేలు, బొటనవేలు ముడుచుకునే ఉంటాయి. రద్దు చేసే పనిని పలక మీది మీటకో, పెన్ను పక్క మీటకో అప్పగిస్తే ఆ చేయి విప్పారుతుంది.

పని వరుస

విరామాల గురించి సలహాలు చాలా ఉన్నాయి, పాటించేవారు తక్కువ. అలారం మోగేసరికి గీత సగంలో ఉంటుంది. యానిమేషన్‌కు సహజంగా వచ్చే ఆగుళ్లు ఉన్నాయి కాబట్టి విరామాన్ని గడియారానికి కాకుండా వాటికి ముడిపెట్టడం తెలివైన పని. రెండు కీలక భంగిమల మధ్య బొమ్మలు పూర్తయిన ప్రతిసారీ పెన్ను కింద పెట్టి, చేతులు వేలాడేసి, దూరంగా చూడాలి. అరనిమిషం చాలు. షాట్‌ను ఆడించి చూసేటప్పుడు లేచి నిలబడి రెండడుగులు వెనక్కి వేసి చూడాలి. కదలికలో లోపం దూరం నుంచే బాగా తెలుస్తుంది, నడుముకూ ఆట విడుపు. ఈ పద్ధతిలో కూడా ముప్పావుగంట దాటి కూర్చోవడం జరుగుతుంటే అప్పుడు అలారం పెట్టుకోవచ్చు.

పైన చెప్పిన 60 బొమ్మల షాట్‌నే తీసుకుంటే, క్లీనప్ మొత్తం ఒకే రోజు కూర్చుని ముగించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ఉదయం ఇరవై బొమ్మల క్లీనప్, తరువాత వేరే షాట్‌కు చిత్తు బొమ్మలు, మధ్యాహ్నం ఇంకో పది క్లీనప్, ఆపైన పూర్తయిన వాటికి రంగులు నింపడం అనే వరుస పెడితే, రెండు రోజుల్లో అదే పని అవుతుంది. కానీ ఒకే కండరం మీద రోజంతా భారం పడదు. చిత్తు బొమ్మల్లో చేయి వదులుగా, భుజం నుంచి కదులుతుంది. రంగులు నింపడం చాలావరకు తట్టడమే. గడువు దగ్గరపడినప్పుడు ఈ అమరిక ముందుగా చెదురుతుంది. రోజుకు నాలుగు గంటలు గీసే చేయి ఒక్క వారంలో పది గంటలకు దూకినప్పుడే స్నాయువులు వాస్తాయి. గడువు తెలిసినవారు రెండు మూడు వారాల ముందే రోజుకు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

వ్యాయామానికి ఇక్కడ చిన్న పాత్రే ఉంది. అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, ముంజేతిని బల్ల మీద ఆనించి, మణికట్టును మెల్లగా పైకి లేపి అంతకన్నా మెల్లగా దించడం వారానికి మూడు రోజులు చేస్తే ముంజేతి కండరాలు భారానికి అలవాటు పడతాయి. నడుముకు రోజూ నడకే మంచి మందు. నొప్పి ఉన్నప్పుడు వేళ్లను వెనక్కి విరిచి లాగడం మాత్రం చేయకూడదు. వాచిన తొడుగును అది ఇంకా రాపిడి చేస్తుంది.

నొప్పి మొదలైతే

రాత్రి నిద్రతో పోయేది అలసట. తెల్లవారి లేచేసరికి ఇంకా ఉన్నదీ, మర్నాడు పెన్ను పట్టిన పది నిమిషాలకే తిరిగి వచ్చేదీ గాయం. అప్పుడు గీసే సమయాన్ని సగానికి తగ్గించి, పైన చెప్పిన అమరికలో ఏది తప్పిందో వెతకాలి. రెండు వారాల్లో తగ్గకపోతే ఎముకల వైద్యుడికో ఫిజియోథెరపిస్టుకో చూపించాలి. నొప్పి మాత్ర వేసుకుని గీయడం అన్నిటికన్నా ప్రమాదం. ఆగమని చెప్పే సంకేతాన్ని అది నోరు నొక్కేస్తుంది.

చేతి తిమ్మిరితో అర్ధరాత్రి మెలకువ రావడం, చేయి విదిలిస్తే తగ్గడం కార్పల్ టనెల్‌కు పేరుపడ్డ గుర్తు. దీనికి మణికట్టును తిన్నగా ఉంచే పట్టీని రాత్రి పడుకునేటప్పుడు వాడతారు. అదే పట్టీతో పగలు గీస్తే మణికట్టు చేయలేని కదలికను మోచేయి, భుజం చేయబోయి అవి నొప్పి పడతాయి. మధుమేహం, థైరాయిడ్ తక్కువగా ఉండటం, గర్భం ఈ జబ్బుకు తోడ్పడతాయి కాబట్టి అటువంటివారు తిమ్మిరిని తొందరగా పట్టించుకోవాలి. చేతిలో వస్తువులు జారిపోతుంటే, బొటనవేలి మొదట్లోని కండ పల్చబడితే ఆలస్యం చేయకూడదు. నలిగిన నరం ఎక్కువ కాలం అలాగే ఉంటే పూర్తిగా కోలుకోకపోవచ్చు. బొటనవేలిని పిడికిట్లో ముడిచి, పిడికిలిని చిటికెనవేలి వైపు వంచినప్పుడు మణికట్టు పక్కన చురుక్కుమంటే డి కెర్వాన్ జబ్బు అనుమానించాలి. అయితే గట్టిగా వంచితే మామూలువారికీ కొంత నొప్పి వస్తుంది కాబట్టి తీర్పు వైద్యుడికి వదలాలి.

నడుము నొప్పితో పాటు కాలు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కళ్ల ముందు ఉన్నట్టుండి మెరుపులు, నల్లటి చుక్కల వాన, తెర దించినట్టు ఒక పక్క చూపు పోవడం అలసట గుర్తులు కావు, వాటికీ ఆగకూడదు.

కొన్ని వారాలు ఆపి మళ్లీ మొదలుపెట్టేవారు నొప్పి పోయిందని మొదటిరోజే పాత గంటలకు వెళ్లకూడదు. పావుగంట గీసి ఆపాలి, ఆ సాయంత్రం, మర్నాడు ఉదయం చేయి ఎలా ఉందో చూసుకోవాలి. బాగుంటే రెండు మూడు రోజులకొకసారి మరో పావుగంట కలపాలి. మొదట భుజంతో గీసే పెద్ద చిత్తు బొమ్మలు, తరువాత రంగులు, అన్నిటికన్నా చివర క్లీనప్. ఏ మెట్టు దగ్గర నొప్పి తిరిగి వస్తే దాని కింది మెట్టుకు దిగి, అక్కడ ఒక వారం ఉండాలి.